భోగి నాడు ఊరంతా నీ టైముకే లేస్తుందే

ప్రశ్న: "నా చిన్ననాటి స్నేహితురాలికి డిసెంబర్ మూడో వారంలో రెండో పాప పుట్టింది. పెద్ద పాపకి మూడున్నరేళ్ళు, బుజ్జి అని పిలుస్తాం. తను రాజమండ్రిలో పుట్టింట్లో ఉంది, నేను హైదరాబాద్‌లో ఉన్నాను. సంక్రాంతికి వెళ్ళలేను. నవ్వొచ్చేలా ఒక మెసేజ్ పంపుదామని రాసి చూశాను: 'హ్యాపీ సంక్రాంతి! ఇంక నీకు రోజూ శివరాత్రే! నిద్రకి టాటా చెప్పెయ్! ఇంట్లోకి ఇంకో మహాలక్ష్మి వచ్చింది, అరిసెలు బాగా లాగించి పండగ ఎంజాయ్ చెయ్!' మా ఆయన చదివి, నవ్వు రాలేదు కానీ జాలేసింది అన్నారు. ఎక్కడ తేడా కొట్టిందో చెప్పగలరా?" (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు:

మీ ఆయనకి జాలి మీ స్నేహితురాలి మీద వేసిందో, మెసేజ్ మీద వేసిందో అడిగారా? రెండోదే అయి ఉంటుందని నా అనుమానం. మీరేమీ అనకూడని మాట అనలేదు. అందరూ అనే మాటలే అన్నారు, చిక్కంతా అక్కడే ఉంది. పాప పుట్టినప్పటినుంచి ఆవిడ 'రోజూ శివరాత్రే' అన్న మాట ఎన్నిసార్లు విని ఉంటుందో లెక్కేయండి. ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడ, చూడ్డానికి వచ్చిన పిన్ని, బారసాలకి వచ్చిన ఎదురింటాయన, అందరూ అదే జోకు వేసి వాళ్ళే నవ్వి వెళ్ళి ఉంటారు. ఆ జోకుని పారేయకండి. దాని టైము దానికి వస్తుంది, చివర్లో చెప్తాను.

ముందు ఆవిడ రాత్రి ఎలా గడుస్తోందో ఒకసారి ఊహించుకోండి. నెల కూడా నిండని పిల్లలు రోజు మొత్తంలో పదహారు గంటల దాకా నిద్రపోతారు, కానీ ఆ నిద్రంతా ముక్కలు ముక్కలు. రాత్రి, పగలు తేడా వాళ్ళకింకా తెలియదు. పొట్ట చిన్నది కాబట్టి రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు పట్టాలి. పదిన్నరకి పాలిచ్చి పడుకోబెట్టేసరికి పదకొండుంబావు అయిందనుకుందాం. ఒంటిగంటకి చిన్నది లేస్తుంది. పాలు పట్టి, భుజాన వేసుకుని తేన్పు తీయించి, పక్కగుడ్డ మార్చి, మళ్ళీ పడుకోబెట్టేసరికి రెండు. సరిగ్గా అప్పుడే పక్క మంచం మీంచి బుజ్జి లేచి మంచినీళ్ళు అంటుంది. నీళ్ళు తాగాక కథ అంటుంది. రెండున్నర. మూడున్నరకి మళ్ళీ చిన్నది. నాలుగుంబావుకి నడుం వాలిస్తే ఐదుముప్పావుకి తెల్లారినట్టే. మొత్తం కలిపితే నాలుగుంబావు గంటల నిద్ర, అదీ మూడు ముక్కలు.

మొదటి కాన్పుకీ రెండో కాన్పుకీ తేడా ఇక్కడే ఉంది. మొదటిసారి అమ్మలక్కలందరూ 'పాప పడుకున్నప్పుడు నువ్వూ పడుకో' అంటారు, అది పనికొచ్చే సలహానే. రెండోసారి పాప పడుకున్నప్పుడు పెద్దది మేలుకుని ఉంటుంది. అప్పుడు దాని బొమ్మ చెయ్యి ఊడుతుంది, దానికి ఆకలేస్తుంది, అమ్మ ఒళ్ళో కూర్చోవాలనిపిస్తుంది. అంచేత రెండో బిడ్డ తల్లిని నవ్వించాలంటే నిద్ర లేదన్న సంగతి చెప్తే సరిపోదు. ఆ సంగతి ఆవిడకి మనకన్నా బాగా తెలుసు. ఆ రాత్రిలో ఏం జరుగుతోందో మనకి తెలుసని చెబితే నవ్వుతుంది.

మా రెండోవాడు పుట్టిన ఇరవై రోజులకే సంక్రాంతి వచ్చింది. అవి గ్రీటింగ్ కార్డుల రోజులు. గొబ్బెమ్మలు, ఎడ్లబండి, ముగ్గు బొమ్మలున్న కార్డులు ఒక కట్ట వచ్చాయి. అన్నిటిలోనూ 'మీకు, మీ కుటుంబ సభ్యులకు' అనే ఉంది. ఒక్క కార్డులో మాత్రం నా స్నేహితురాలు లోపల ఇలా రాసింది: 'తిరుగు టపా రాయకు. ఆ టైములో పడుకో.' అన్ని కార్డుల్లో నేను దాచుకున్నది అదొక్కటే. అదే పండక్కి ఒక బంధువు పొద్దున్న ఆరింటికి ఫోన్ చేసి, అప్పుడే కళ్ళు మూసిన పిల్లాణ్ణి లేపి, శుభాకాంక్షలు చెప్పి, 'ఏంటి, గొంతు డల్‌గా ఉంది?' అని అడిగాడు. ఆయన పేరు ఇప్పుడెందుకులెండి.

మీ చిత్తులో నన్ను నిజంగా ఆపిన మాట 'ఇంకో మహాలక్ష్మి'. మీరు ప్రేమగానే రాశారు. కానీ రెండోసారీ ఆడపిల్ల పుట్టిన ఇంట్లో ఆ మాట ఎలా పలుకుతుందో గమనించారా? చాలామంది దాన్ని ఓదార్పు మాటగా వాడతారు. ముందు ఒక నిట్టూర్పు, తర్వాత 'పోన్లే, మహాలక్ష్మి'. ఆ 'పోన్లే' మీరు రాయకపోయినా ఆవిడకి వినిపిస్తుంది. మగపిల్లాడు పుట్టిన ఇంటికి అలాంటి బిరుదులు పంపం కదా. అందుకని చంటిదాన్ని చంటిదానిలాగే ఉంచండి. దాని ఏడుపు, ఆకలి, పక్కబట్టల గురించి సరదాగా రాయండి. ఆడా మగా అన్న ఊసే రాని మెసేజ్ చదువుతుంటే ఆవిడకి కాస్త ఊపిరాడుతుంది.

అరిసెల సంగతి చిన్నదే. గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళలో బాలింతకి నెల దాటేదాకా పథ్యం పెడతారు. వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం ఆవిడ ముందుంటాయి, పక్క గదిలో అరిసెలు ఒత్తుతున్న వాసన వస్తుంటుంది. అలాంటప్పుడు 'బాగా లాగించు' అంటే ఉడికించినట్టే. దాన్నే తిప్పి రాస్తే మంచి మాట అవుతుంది. అరిసెలు పదిహేను రోజులైనా నిలవుంటాయి కాబట్టి 'నీ వాటా డబ్బాలో దాచాను' అనండి. దాచడం మాత్రం నిజంగా దాచండి.

ఇక సంక్రాంతి మనకి ఉచితంగా ఇచ్చిన జోకు దగ్గరకి వద్దాం. ఏడాదిలో ఒక్క భోగి నాడు ఊరంతా, బద్ధకస్తులతో సహా, తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. లేచి, ఏదో సాధించినట్టు మంట చుట్టూ నిలబడి, అందరికీ చెప్పుకుంటుంది. మీ స్నేహితురాలు పాప పుట్టినప్పటినుంచి ఆ టైముకి లేచే ఉంది, ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఆ రోజుకి చిన్నదానికి 25 రోజులు ఉంటాయేమో, తేదీ చూసి సరిచేసుకోండి. అంటే ఈ భోగికి ఊరు ఆవిడ టైముకి వచ్చిందన్నమాట. జోకంతా అదే. ఇందులో ఆవిణ్ణి ఆటపట్టించడం లేదు, నవ్వులపాలయ్యేది మనమే.

నేనైతే ఇలా రాస్తాను:

"ఒసే, భోగి శుభాకాంక్షలు. ఇవాళ ఊరంతా నాలుగింటికి లేచి ఘనకార్యం చేసినట్టు మంట చుట్టూ నిలబడింది. నేనూ లేచా. ఒక్క రోజుకే కళ్ళు మండిపోతున్నాయి, 25 రోజులుగా ఎలా లేస్తున్నావే తల్లీ! అక్క అయినందుకు ఈసారి మన బుజ్జికి రెండు గుప్పిళ్ళు ఎక్కువ భోగిపళ్ళు. చిన్నదానికి పాదాల మీద ముద్దు. అరిసెల్లో నీ వాటా డబ్బాలో దాచా. జవాబు రాయకు, పడుకో."

ఇందులో బుజ్జి పేరు ఉంది, చిన్నదాని పేరు లేదు చూడండి. కావాలనే అలా రాశాను. పాప పుట్టాక వచ్చిన ప్రతి మెసేజూ, ప్రతి గౌనూ చిన్నదానికే. ఇంటికి వచ్చినవాళ్ళు కూడా బుజ్జిని దాటుకుని ఉయ్యాల దగ్గరికే వెళ్తారు. భోగిపళ్ళు మాత్రం మామూలుగా ఐదేళ్ళలోపు పిల్లలకి పోస్తారు కాబట్టి ఈ పండగ బుజ్జిదే. రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర నాణేలు నెత్తిమీంచి జలజలా రాలుతుంటే దాని ముఖం చూడాలి. నెల నిండని చంటిదానికి మాత్రం అవన్నీ పోయనక్కర్లేదు. పెద్దవాళ్ళు సరదా పడితే నాలుగు పూరేకులు దూరంగా చల్లి దిష్టి తీస్తారు. అందుకే 'ఇద్దరికీ భోగిపళ్ళు పోసి ఫోటో పెట్టు' అని మాత్రం రాయకండి. రేగుపండు, నాణెం చంటిదాని నోటి దగ్గరకి వెళ్ళకుండా కాపు కాసే పని తల్లి మీదే పడుతుంది. పైగా ఫోటో అడగడమంటే ఆవిడ చేత జుట్టు దువ్వించడం, పిల్లకి కొత్త గౌను వేయించడం, నవ్వమని బతిమాలించడం. అదో గంట పని.

టైము విషయంలో ఒక షరతు. మెసేజ్ నాలుగుంబావుకి పంపితే దానికే అందం. ఆవిడ చిన్నదాన్ని పడుకోబెడుతూ ఫోన్ చూసే వేళ అది. కానీ మీరు నిజంగా లేస్తేనే పంపండి. మీ అపార్ట్‌మెంట్ కింద భోగిమంట వేస్తే దిగండి, ఇంట్లో ఉన్న పాత చీపురో, విరిగిన పీటో పట్టుకెళ్ళి అందులో వేయండి. ముందురోజు రాత్రే రాసి, టైము పెట్టి పంపి, మీరు ఎనిమిదింటికి లేచారనుకోండి, ఎప్పుడో ఒకప్పుడు మీ నోటితోనే బయటపడుతుంది. పసిపిల్ల ఉన్న ఇంట్లో ఫోన్ సైలెంట్‌లోనే ఉంటుంది. అయినా తన ఫోన్ రాత్రి మోగుతుందా అని వాళ్ళ అమ్మగారినో, తమ్ముణ్ణో ముందే అడగండి. మోగుతుందంటే మధ్యాహ్నం పంపి, 'నాలుగింటికే రాశా, నీ ఫోన్‌కి భయపడి దాచా' అనండి. వాయిస్ మెసేజ్ వద్దు, ఆ టైములో ఆవిడ శబ్దం పెట్టి వినలేదు. ఒక చేత్తో పిల్లని పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో చదువుతుంది కాబట్టి ఇంతకన్నా పొడుగూ వద్దు. ఫార్వర్డ్ చేసిన గాలిపటాల బొమ్మ అసలే వద్దు, అవి ఈపాటికే వంద వచ్చి ఉంటాయి.

భోగికి పంపడం కుదరకపోతే సంక్రాంతి నాటికి వేరే సరుకు ఉంది. హరిదాసు తలమీద అక్షయపాత్ర పెట్టుకుని తెల్లారుతూనే వస్తాడు. నోరు తెరిచి ఇది కావాలని అడగడు, పాడుతూ నిలబడతాడు, మనమే అర్థం చేసుకుని బియ్యం పోయాలి. మీ చంటిది చేసేదీ అదే కదా? "మీ ఇంటికి ఈ ఏడాది హరిదాసు ముందే వచ్చేశాడట. రాత్రి ఒంటిగంటకే పాట అందుకుంటున్నాడట. ఏం కావాలో చెప్పడట, పాలు పోసేదాకా గుమ్మం కదలడట." ఇంత చాలు. వాకిట్లో ముగ్గు వేయలేకపోయానని ఆవిడ బాధపడే రకం అయితే, చిన్నది పక్కబట్టల మీద రోజుకో కొత్త ముగ్గు పెడుతోంది కదా, అదీ చుక్కలు లేకుండా, అనండి. పిల్లల తల్లులకి ఈ జోకు ఎప్పుడూ పాతబడదు, ఎందుకో తెలియదు.

వాళ్ళాయన్ని లాగాలనుకుంటే గంగిరెద్దు ఉంది. 'ఉయ్యాల ఊపుతూ ఊపుతూ ఆయనే తలూపుతున్నాడట, బసవన్నకి పాత పంచె కప్పారా?' అనొచ్చు. కానీ ఇది ఆయన నిజంగా రాత్రుళ్ళు లేచి సాయం చేస్తుంటేనే. ఆయన ఉద్యోగం ఊళ్ళో హాయిగా నిద్రపోతూ, ఆదివారం వచ్చి పిల్లని చూసి వెళ్ళే మనిషైతే ఈ జోకు ఆవిడకి మంటెక్కిస్తుంది. తెలియకపోతే గంగిరెద్దుని వదిలేయండి.

కనుమకైతే నాకు నచ్చినది ఒక్క వాక్యమే. "కనుమ నాడు కాకైనా కదలదంటారు, మీ చిన్నది ఆ ఒక్క పూటైనా శాస్త్రం పాటించాలని కోరుకుంటున్నా." మూడు రోజులకీ మూడు పంపకండి. ఒకటి పంపి ఊరుకోండి. రెండో మెసేజ్ రాగానే 'అయ్యో, దానికింకా జవాబు ఇవ్వలేదే' అన్న టెన్షన్ మొదలవుతుంది.

'త్వరలోనే హాయిగా నిద్రపోతావులే' అన్న మాట కూడా చేర్చకండి, చాలామంది చేరుస్తారు. అది ఈ నెలలో అబద్ధం. పసిపిల్లల ఏడుపు ఆరో వారం దాకా పెరుగుతూ వెళ్ళి, ఆ తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. రాత్రి పగలు తేడా పట్టుబడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంటే సంక్రాంతి తర్వాత కొన్నాళ్ళు ఇంకా కష్టంగా ఉంటుంది. మీరు త్వరలో అన్నారు కదా అని ఆవిడ ఎదురుచూసి, అది జరగకపోతే తన పెంపకంలోనే లోపం ఉందనుకుంటుంది. కచ్చితంగా చెప్పాలనుంటే 'ఉగాదికి కాస్త తేలికపడుతుందట' అనండి. అప్పటికి పాపకి కనీసం మూడు నెలలు కావొస్తాయి. అదైనా పిల్లని బట్టి అటూ ఇటూ అవుతుంది.

మెసేజ్ పంపాక ఆవిడ ఏం రాస్తుందో చూడండి. నవ్వు బొమ్మ ఒక్కటి వస్తే చాలు, సంభాషణ సాగదీయకండి. తనే రాస్తే మాత్రం చదవండి, అక్కడ జోకులు ఆపండి. కాన్పైన మొదటి రెండు వారాలు ఊరికే కళ్ళనీళ్ళు రావడం చాలామందికి ఉండేదే, అదే తగ్గుతుంది. మీ స్నేహితురాలికి రెండు వారాలు దాటిపోయాయి. ఇప్పటికీ రోజూ ఏడుపొస్తోందన్నా, పిల్ల పడుకున్నా తనకి నిద్ర పట్టడం లేదన్నా, పిల్లని ఎత్తుకోవాలనిపించడం లేదన్నా అది నిద్రలేమి ఒక్కటే కాకపోవచ్చు. అప్పుడు హరిదాసునీ గంగిరెద్దునీ పక్కన పెట్టి ఫోన్ చేయండి. వాళ్ళ అమ్మగారితోనో, ఆయనతోనో మాట్లాడి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళమనండి, పండగ అయ్యాక చూద్దాం అననివ్వకండి. తనకి తాను ఏమైనా చేసుకుంటానేమో, పిల్లని ఏమైనా చేస్తానేమో అన్న మాట నోటివెంట వస్తే ఆ క్షణమే వెళ్ళాలి, తనని ఒంటరిగా వదలకూడదు.

ఇంకొకటి అడగలేదు మీరు, అయినా చెప్తాను, మరో స్నేహితురాలికి అక్కరకొస్తుంది. పండగ పురిటి పదిరోజుల్లో పడితే ఆ ఇంట్లో పూజ ఉండదు, కొన్ని ఇళ్ళలో పిండివంటలూ చేయరు. అలాంటప్పుడు పండగ ఎలా జరిగిందని అడక్కుండా, పండగకి వచ్చిన చుట్టం ఎలా ఉందని చంటిదాని గురించి అడగండి. మీ స్నేహితురాలి ఇంట్లో పురుడు వెళ్ళిపోయింది కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఆ శివరాత్రి జోకు. మహాశివరాత్రి ఫిబ్రవరిలోనో, మార్చి మొదట్లోనో వస్తుంది. అప్పటికి చిన్నదానికి రెండు నెలలు కావొస్తాయి, లేదా దాటతాయి, అరిసెల డబ్బా కూడా చేరి ఉంటుంది. ఆ రాత్రి ఊళ్ళో సగం మంది పట్టుబట్టి జాగారం చేస్తూ ఆవలిస్తుంటారు. పదకొండింటికి ఇది పంపండి: "ఇవాళ మా అందరికీ జాగారం. ఈ ఒక్క రాత్రికి నీ వంతు కూడా మేమే చేస్తాం, నువ్వు పడుకో."